గీతలు తగలకుండా గీయలేమని ఎలా నమ్మించాలి? కురటోవ్‌స్కీ సర్టిఫికెట్ కథ

ఈ ఎపిసోడ్‌కి ఒక పేపర్, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. వింటే సగమే అర్థమవుతుంది, గీస్తే మొత్తం అర్థమవుతుంది.

పేపర్ మీద పైన మూడు ఇళ్లు గీయండి. కింద మూడు చుక్కలు పెట్టి వాటికి నీళ్లు, గ్యాస్, కరెంటు అని పేర్లు రాయండి. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఈ మూడు కనెక్షన్లూ ఇవ్వాలి. అంటే మొత్తం తొమ్మిది గీతలు. గీత ఎంత వంకరగా పోయినా, ఎంత చుట్టు తిరిగి వచ్చినా పర్లేదు. కండిషన్ ఒక్కటే, ఏ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటకూడదు.

వీడియో పాజ్ చేసి ట్రై చేయండి. ఎనిమిది గీతలు బాగానే వస్తాయి. తొమ్మిదోది దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుపోతారు. చెరిపేసి మళ్లీ గీస్తారు, ఈసారి ఇంకో గీత ఇరుక్కుంటుంది.

ఈ పజిల్‌ని హెన్రీ డ్యూడెనీ అనే ఇంగ్లండ్ పజిల్ రచయిత 1917లో తన పుస్తకంలో వేశాడు. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలా పాతది అని ఆయనే చెప్పాడు. ఆయన ఇచ్చిన జవాబు ఏంటంటే, ఒక పైపుని ఒక ఇంటి లోపలి నుంచి తీసుకెళ్లడం. అంటే చిన్న చీటింగ్ అన్నమాట! నిజాయితీగా గీస్తే కుదరదని ఆయనకి తెలుసు.

ఇప్పుడు ఈ రోజు అసలు ప్రశ్నకి వద్దాం. "కుదురుతుంది" అని నిరూపించడం ఈజీ. గీసి చూపిస్తే సరిపోతుంది, చూసినవాళ్లు ఇంకేం అడగరు. కానీ "కుదరదు" అని ఎలా నిరూపిస్తారు? నేను వంద సార్లు గీశాను, రాలేదు అంటే అది ప్రూఫ్ కాదు. నూట ఒకటోసారి వేరేవాళ్లు గీసేయొచ్చు. మరి అవతలివాళ్ల చేతిలో పెట్టి, "ఇదిగో, మీరే చెక్ చేసుకోండి, ఇది కుదరదు" అని చెప్పగలిగే వస్తువు ఏదైనా ఉందా? 1930లో పోలండ్‌కి చెందిన ఒకాయన ఉందని చూపించాడు. ఆ వస్తువు కథే ఇది.

ముందు మాటలు సెట్ చేసుకుందాం. చుక్కలు, వాటిని కలిపే గీతలు, ఇంతే గ్రాఫ్ అంటే. ముగ్గు వేసే ఇంట్లో పెరిగినవాళ్లకి కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ చుక్క ఎక్కడుంది, గీత ఎంత వంకరగా ఉంది అనేది లెక్కలోకి రాదు. ఏ చుక్క ఏ చుక్కకి కలిసింది అన్నదే లెక్క. గీతలు దాటకుండా కాగితం మీద గీయగలిగితే దాన్ని ప్లానర్ గ్రాఫ్ అంటారు, ఎలా గీసినా కుదరకపోతే నాన్‌ప్లానర్. ఒక చుక్కకి ఎన్ని గీతలు తగులుతాయో అది ఆ చుక్క డిగ్రీ.

మన మూడు ఇళ్ల బొమ్మకి గణితంలో పేరు K3,3. కే త్రీ త్రీ అని చదవాలి. అటు మూడు చుక్కలు, ఇటు మూడు చుక్కలు, అటువైపు ప్రతి చుక్కా ఇటువైపు ప్రతి చుక్కతో కలుస్తుంది. కనెక్షన్ల పజిల్ నుంచి వచ్చింది కాబట్టి దీన్ని యుటిలిటీ గ్రాఫ్ అని కూడా అంటారు.

దీనికి ఒక అన్న ఉన్నాడు. జర్మనీలో మోబియస్ అనే ప్రొఫెసర్ 1840 ప్రాంతంలో తన స్టూడెంట్లకి ఒక కథ చెప్పేవాడు. ఒక రాజుకి ఐదుగురు కొడుకులు. రాజ్యాన్ని ఐదు భాగాలు చేయాలి, ప్రతి భాగానికీ మిగతా నాలుగు భాగాలతో సరిహద్దు ఉండాలి. కుదురుతుందా? ఇప్పుడు ఒక్కో భాగంలో ఒక్కో కోట కట్టి, సరిహద్దు దాటించి కోట నుంచి కోటకి రోడ్డు వేశామనుకోండి. ఐదు కోటలు, ప్రతి కోట నుంచి మిగతా నాలుగింటికీ రోడ్లు, మొత్తం పది రోడ్లు, ఏ రెండు రోడ్లూ దాటుకోకూడదు. ఈ బొమ్మ పేరు K5, కే ఫైవ్. ఇది కూడా కుదరదు. ఇక్కడ తొమ్మిది రోడ్లు వస్తాయి, పదోది ఇరుక్కుంటుంది.

ఈ రెండూ కుదరవని ఖాయంగా చెప్పే లెక్క ఒకటుంది. దానికి కావాల్సిన సూత్రం అయిలర్ దగ్గర 1750లోనే ఉంది. గీతలు దాటకుండా గీసిన బొమ్మ కాగితాన్ని కొన్ని గదులుగా విడగొడుతుంది. బయట ఉన్న ఖాళీ స్థలం కూడా ఒక గదే. బొమ్మ అంతా ఒకే ముక్కగా ఉంటే, చుక్కల సంఖ్యలోంచి గీతల సంఖ్య తీసేసి గదుల సంఖ్య కలిపితే ఎప్పుడూ 2 వస్తుంది. ఒక త్రిభుజం గీసి చూడండి. మూడు చుక్కలు, మూడు గీతలు, లోపల ఒక గది, బయట ఒక గది. 3 మైనస్ 3 ప్లస్ 2, జవాబు 2.

ఇప్పుడు K3,3 ఎలాగోలా గీసేశాం అని కాసేపు ఒప్పుకుందాం. చుక్కలు 6, గీతలు 9. సూత్రం ప్రకారం గదులు 5 రావాలి. ఒక్కో గదికి ఎన్ని గోడలుంటాయి? ఇంటి నుంచి బయల్దేరితే తర్వాత వచ్చేది కనెక్షన్ చుక్క, ఆ తర్వాత మళ్లీ ఇల్లు. ఇలా మార్చి మార్చి వస్తాయి కాబట్టి మూడు గోడల గది అసాధ్యం, కనీసం నాలుగు గోడలుండాలి. ఐదు గదులకి కనీసం 20 గోడలు. కానీ ఒక్కో గీత రెండు పక్కలా రెండు గోడలుగానే పనికొస్తుంది. తొమ్మిది గీతలకి 18 గోడలే వస్తాయి. 20 కావాలి, 18 ఉన్నాయి. అయిపోయింది, కుదరదు.

K5కి కూడా అదే లెక్క. చుక్కలు 5, గీతలు 10, కాబట్టి గదులు 7. ఇక్కడ మూడు గోడల గది ఉండొచ్చు, అయినా కనీసం 21 గోడలు కావాలి. పది గీతలకి వచ్చేది 20. ఒక్క గోడ తక్కువైంది. ఒక్క గోడతో ఓడిపోయింది చూడండి! అందుకే K5లోంచి ఏ ఒక్క గీత తీసేసినా మిగతాది హాయిగా గీసేయొచ్చు. K3,3 కూడా అంతే. ఈ రెండూ సరిగ్గా అంచు మీద ఉన్న బొమ్మలు.

సరే, ఈ లెక్క ఉండగా ఇంకేం కావాలి అనిపించొచ్చు. సమస్య ఏంటంటే, ఈ లెక్క గీతలు కిక్కిరిసి ఉన్న బొమ్మల్నే పట్టుకుంటుంది. ఒక చిన్న ట్రిక్ చేయండి. K3,3లో ప్రతి గీత మధ్యలో ఒక కొత్త చుక్క పెట్టండి. చుక్కలు 15 అయ్యాయి, గీతలు 18 అయ్యాయి. గదులు మాత్రం అదే 5. కానీ ఇప్పుడు చుట్టూ 36 గోడలున్నాయి, కావాల్సిన 20 కన్నా చాలా ఎక్కువ. లెక్క ఏ అభ్యంతరమూ చెప్పదు. మరి బొమ్మ మారిందా? గీత మధ్యలో చుక్క పెట్టినంత మాత్రాన గీతలు దాటుకోవడం ఆగుతుందా? ఆగదు కదా. బొమ్మ ఇంకా నాన్‌ప్లానరే, లెక్కకి మాత్రం కనపడట్లేదు.

ఇలా గీతల మధ్యలో చుక్కలు పెట్టి సాగదీసిన బొమ్మని అసలు బొమ్మకి సబ్‌డివిజన్ అంటారు. మన బీటెక్‌లో ఈ మాట ఒక డెఫినిషన్‌గా వచ్చి వెళ్లిపోతుంది, కానీ కథంతా దీని మీదే నడుస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఒక రోడ్డు అనుకోండి. మధ్యలో సూర్యాపేట వచ్చినా, ఇంకో పది ఊళ్లు వచ్చినా, అది విజయవాడని హైదరాబాద్‌తో కలిపే ఒకే దారి. అలాగే K3,3 సబ్‌డివిజన్ అంటే ఆరు మెయిన్ చుక్కలు, వాటిని కలుపుతూ తొమ్మిది దారులు. ఒక్కో దారి పొడుగ్గా ఉండొచ్చు, మధ్యలో ఎన్ని చుక్కలైనా రావొచ్చు. కానీ రెండు దారులు మధ్యలో ఒకే చుక్కని వాడుకోకూడదు.

ఈ చివరి రూల్ ఎందుకో చూద్దాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. K3,3ని ఒక్కచోట మాత్రమే గీతలు దాటేలా గీయొచ్చు. ఆ దాటే చోట ఒక కూడలి చుక్క పెట్టామనుకోండి. ఇప్పుడు అక్కడ గీతలు దాటట్లేదు, నాలుగు గీతలు ఒక చుక్క దగ్గర కలుస్తున్నాయి. బొమ్మ ప్లానర్ అయిపోయింది! కానీ ఇందులో కూడా తొమ్మిది దారులు కనపడతాయి, రెండు దారులు ఆ కూడలిని పంచుకుంటాయి అంతే. కాబట్టి కూడలి పంచుకోవడానికి ఒప్పుకుంటే, చక్కగా గీయగలిగే బొమ్మని కూడా గీయలేం అని ముద్ర వేసేస్తాం. మీరు కనిపెట్టిన సబ్‌డివిజన్ నిజమైనదా కాదా తెలియాలంటే దాని మధ్య చుక్కలన్నిటి డిగ్రీ చూడండి. మీరు వాడిన గీతల్లో ప్రతి మధ్య చుక్కకీ సరిగ్గా రెండే తగలాలి. నాలుగు తగిలితే కూడలి దొరికిపోయినట్టే.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. కాజిమియెజ్ కురటోవ్‌స్కీ 1896లో వార్సాలో పుట్టాడు. ఆయన మొదట చేరింది ఇంజనీరింగ్‌లో, అది కూడా స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది, తిరిగి వెళ్లడం కుదరలేదు. తర్వాత వార్సా యూనివర్సిటీలో గణితం చదివాడు. 1927లో ల్వూవ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది, మనం వార్తల్లో వినే ల్వీవ్ అదే.

ఆయన ఇళ్లు, పైపుల పజిల్ కోసం కూర్చోలేదు. ఎలాంటి వక్రరేఖల్ని బల్లపరుపు కాగితం మీద పరచగలం, ఎలాంటివాటిని పరచలేం అన్నది ఆయన ప్రశ్న. 1929లో వార్సాలో తన ఫలితాన్ని ప్రకటించాడు, 1930లో ఫండమెంటా మేథమెటికే అనే పత్రికలో ఫ్రెంచ్ భాషలో పేపర్ వచ్చింది. మన భాషలో దాని సారాంశం ఇది. ఒక గ్రాఫ్ నాన్‌ప్లానర్ అయితే దాని లోపల ఎక్కడో ఒకచోట K5 సబ్‌డివిజన్ గానీ K3,3 సబ్‌డివిజన్ గానీ దాగి ఉండి తీరుతుంది. ఉంటే నాన్‌ప్లానర్, లేకపోతే ప్లానర్.

ఇందులో ఒక సగం మనం ఆల్రెడీ చేసేశాం. లోపల K3,3 సబ్‌డివిజన్ ఉంటే ఆ ముక్కనే గీయలేం, ఇక మొత్తాన్ని ఎలా గీస్తాం? కష్టమైనది రెండో సగం. ప్రపంచంలో గీయలేని బొమ్మలకి లెక్కలేదు. వెయ్యి చుక్కలవి ఉండొచ్చు, లక్ష చుక్కలవి ఉండొచ్చు. వాటన్నిటికీ కారణాలు మాత్రం రెండే, మూడో కారణం లేదు అని ఆయన నిరూపించాడు. ఇళ్ల పజిల్, రాజుగారి పజిల్, రెండూ కాలక్షేపం లెక్కల్లా ఉన్నాయి కదా. మొత్తం గీయలేని ప్రపంచానికి మూలం ఆ రెండే అయ్యాయి.

క్రెడిట్ విషయంలో మాత్రం కథ అంత సాఫీగా లేదు. మాస్కోలో లెవ్ పాంట్ర్యాగిన్ అనే కుర్రాడు ఉన్నాడు. 14 ఏళ్లకి ఒక పేలుడు ప్రమాదంలో రెండు కళ్లూ పోయాయి. ఇదే ఫలితాన్ని ఆయన 1927-28 ప్రాంతంలోనే నిరూపించాడు, అప్పటికి వయసు ఇరవై లోపే. కాగితం మీద బొమ్మ గీయగలమా లేదా అనే ప్రశ్నని, కాగితాన్ని చూడలేని స్టూడెంట్ తేల్చాడు. కానీ ఆయన దాన్ని ప్రచురించలేదు. అందుకే రష్యన్ పుస్తకాల్లో ఇప్పటికీ ఇది పాంట్ర్యాగిన్-కురటోవ్‌స్కీ సిద్ధాంతం. అటు అమెరికాలో ఆరిన్ ఫ్రింక్, పాల్ స్మిత్ అని ఇద్దరు కూడా విడిగా ఇదే చోటికి చేరారు. 1930లో వాళ్ల ఫలితం సారాంశంగా అచ్చయింది, పూర్తి పేపర్ మాత్రం రాలేదు. కురటోవ్‌స్కీ పేపర్ ముందే వచ్చేసింది. మూడు దేశాల్లో దాదాపు ఒకే సమయంలో ఒకే జవాబు దొరికింది, పూర్తి నిరూపణ ముందు అచ్చులో పెట్టినాయన పేరు నిలిచింది.

థియరీ చాలు, ఇప్పుడు నిజంగా ఒకదాన్ని పట్టుకుందాం. పీటర్సన్ గ్రాఫ్ అని ఉంది. డెన్మార్క్ గణితవేత్త యూలియస్ పీటర్సన్ 1898లో వాడిన బొమ్మ, గ్రాఫ్ థియరీ పుస్తకం ఏది తెరిచినా కనిపిస్తుంది. మీరూ గీయండి. బయట ఒక పంచభుజి, మూలలకి 0, 1, 2, 3, 4 అని వరసగా నంబర్లు. లోపల ఐదు చుక్కలు 5, 6, 7, 8, 9. బయటి 0ని లోపలి 5తో కలపండి, 1ని 6తో, 2ని 7తో, 3ని 8తో, 4ని 9తో. లోపలి ఐదింటినీ నక్షత్రంలా కలపండి, అంటే 5-7, 7-9, 9-6, 6-8, 8-5. మొత్తం 10 చుక్కలు, 15 గీతలు. ప్రతి చుక్క డిగ్రీ 3.

లోపల నక్షత్రం ఉంది, ఐదు ఐదు అంటున్నాం, చూడగానే K5 అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే K5 కోసం వెతకడం మొదలుపెడతారు. ఎంత వెతికినా దొరకదు! కారణం చాలా చిన్నది. K5లో ప్రతి మెయిన్ చుక్క నుంచి నాలుగు దారులు బయల్దేరాలి, అంటే కనీసం డిగ్రీ 4 ఉన్న చుక్కలు ఐదు కావాలి. పీటర్సన్ గ్రాఫ్‌లో అన్నిటి డిగ్రీ 3. నాలుగు దారులు ఎక్కడి నుంచి వస్తాయి? కాబట్టి వెతికే ముందు డిగ్రీలు లెక్కపెట్టండి. డిగ్రీ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న చుక్కలు ఐదు లేకపోతే K5 గురించి మర్చిపోయి నేరుగా K3,3 కోసం వెళ్లండి.

మరి అది K5లా ఎందుకు కనపడింది? దానికీ కారణం ఉంది. 0ని 5తో కలిపే గీతని నొక్కి రెండు చుక్కల్ని ఒకటి చేసేయండి. అలా ఐదు జతల్నీ ఒక్కో చుక్కగా నొక్కేస్తే మిగిలేది అచ్చం K5. ఇలా నొక్కితే వచ్చేదాన్ని మైనర్ అంటారు. 1937లో క్లాస్ వాగ్నర్ అనే జర్మన్ గణితవేత్త ఈ మైనర్ల భాషలో కూడా ఇదే సిద్ధాంతం నిలుస్తుందని చూపించాడు. అంటే K5గా గానీ K3,3గా గానీ నొక్కగలిగితే నాన్‌ప్లానర్. రెండు భాషలూ కరెక్టే, కానీ కలపకూడదు. నొక్కితే K5 వస్తుంది కాబట్టి లోపల K5 సబ్‌డివిజన్ ఉందని రాస్తే పరీక్షలో మార్కులు పోతాయి.

సరే, K3,3 పట్టుకుందాం. ముందు 0 అనే చుక్కని, దానికి తగిలే మూడు గీతల్ని చెరిపేయండి. ముక్కలో దొరికితే మొత్తంలో ఉన్నట్టే కదా, కాబట్టి చెరపడంలో తప్పులేదు. 0కి పక్కవాళ్లు 1, 4, 5. వాళ్లకి ఒక్కో గీత పోయింది, ఇప్పుడు వాళ్ల డిగ్రీ 2. డిగ్రీ 2 అంటే దారి మధ్యలో ఉన్న ఊరు అన్నమాట. 1 అనేది 2కి, 6కి మధ్య ఊరు. 4 అనేది 3కి, 9కి మధ్య ఊరు. 5 అనేది 7కి, 8కి మధ్య ఊరు.

మెయిన్ చుక్కలు ఆరు మిగిలాయి. 2, 3, 6, 7, 8, 9. ఇప్పుడు 2 నుంచి దారులు ఎక్కడికి పోతున్నాయో చూడండి. నేరుగా 3కి, నేరుగా 7కి, 1 మీదుగా 6కి. కాబట్టి 3, 6, 7 ఒక జట్టు అనుకుందాం. మిగిలిన 8, 9 వచ్చి 2తో కలిసి ఇంకో జట్టు. ఇది నిజంగా ఇళ్లూ కనెక్షన్లే అయితే 8 కూడా 3, 6, 7కే పోవాలి. చూడండి, 8 నుంచి 3కి నేరుగా ఉంది, 6కి నేరుగా ఉంది, 7కి 5 మీదుగా ఉంది. ఇప్పుడు 9. దాని నుంచి 6కి నేరుగా, 7కి నేరుగా, 3కి 4 మీదుగా. తొమ్మిది దారులూ వచ్చేశాయి. మధ్య ఊళ్లు 1, 4, 5 మూడే, ఒక్కొక్కటి ఒక్క దారిలోనే ఉంది, ఎక్కడా కూడలి పంచుకోలేదు. 2, 8, 9 ఇళ్లు అనుకోండి, 3, 6, 7 నీళ్లు, గ్యాస్, కరెంటు. డ్యూడెనీ పజిల్ ఈ నక్షత్రం లోపల దాక్కుని ఉంది!

ఈ తొమ్మిది దారుల లిస్ట్ ఉంది చూశారా, ఇదే ఎపిసోడ్ మొదట్లో నేను చెప్పిన వస్తువు. పీటర్సన్ గ్రాఫ్ గీయలేం అని ఎవరైనా నమ్మకపోతే ఈ లిస్ట్ ఇవ్వండి. వాళ్లకి సిద్ధాంతం తెలియక్కర్లేదు, నన్ను నమ్మక్కర్లేదు. గీతలు అసలు బొమ్మలో ఉన్నాయా, తొమ్మిది జతలూ వచ్చాయా, మధ్య చుక్క ఏదైనా రెండుసార్లు వాడామా అని చూస్తే చాలు. రెండు నిమిషాల పని.

ఇది కేవలం పరీక్షల కోసమా అంటే, కాదు. జర్మనీలోని జార్‌బ్రుకెన్‌లో కుర్ట్ మెల్‌హార్న్, స్టెఫాన్ నేహర్ కలిసి లేడా అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ తయారుచేశారు. గ్రాఫ్ ఇస్తే ప్లానరా కాదా చెప్పే ఫంక్షన్ అందులో ఉంది. 1974లో హాప్‌క్రాఫ్ట్, టార్జన్ అనే ఇద్దరు దీనికి చాలా వేగమైన పద్ధతి కనిపెట్టారు. చుక్కలు రెట్టింపైతే టైం కూడా దాదాపు రెట్టింపే అవుతుంది, అంతకు మించి పెరగదు. వేగం సంగతి అలా తేలిపోయింది. కానీ 1990ల మొదట్లో వాళ్లకి ఒకరు ఒక గ్రాఫ్ పంపారు, దాంతోపాటు గీతలు దాటకుండా గీసిన బొమ్మ కూడా పంపారు. లేడా మాత్రం ఆ గ్రాఫ్‌ని నాన్‌ప్లానర్ అంటోంది. ప్రోగ్రామ్‌లో బగ్!

నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాణ్ని, అందుకే ఈ కథ నాకు బాగా తగిలింది. బగ్ అందరి కోడ్‌లో ఉంటుంది. ఇక్కడ భయపెట్టేది వేరే. ప్రోగ్రామ్ "అవును" అన్నప్పుడు బొమ్మ కూడా ఇస్తే చూసి చెక్ చేసుకోవచ్చు. "కాదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే దేన్ని చెక్ చేస్తాం? అవతలివాళ్ల దగ్గర బొమ్మ ఉంది కాబట్టి దొరికింది. లేకపోతే ఆ తప్పు జవాబు అలాగే చెలామణి అయ్యేది. ఆ తర్వాత వాళ్లు ప్రోగ్రామ్‌ని మార్చారు. "కాదు" అన్నప్పుడల్లా కారణం కూడా చూపించాలి. ఆ కారణం ఏంటి? గ్రాఫ్ లోపల దొరికిన K5 లేదా K3,3 సబ్‌డివిజన్. 1930 నాటి సిద్ధాంతం ఇక్కడ ప్రోగ్రామ్ మీద కాపలా కాస్తోంది. రెండే కారణాలు ఉన్నాయి, వాటిలో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది అని కురటోవ్‌స్కీ గ్యారంటీ ఇచ్చాడు కాబట్టే ఇలా అడగగలిగారు. ఇలా జవాబుతోపాటు సాక్ష్యం ఇచ్చే పద్ధతుల్ని ఇప్పుడు సర్టిఫయింగ్ అల్గారిథమ్స్ అంటారు.

మీ ఫోన్‌లో పైథాన్ నడిచే యాప్ ఉండి, అందులో నెట్‌వర్క్‌ఎక్స్ లైబ్రరీ ఉంటే మీరే చూడొచ్చు.

```python
import networkx as nx
G = nx.petersen_graph()
ok, cert = nx.check_planarity(G, counterexample=True)
print(ok)
print(sorted(cert.edges()))
print(dict(cert.degree()))
```

మొదటి లైన్‌లో `False` వస్తుంది, అంటే నాన్‌ప్లానర్. తర్వాతి లైన్ సాక్ష్యం, అంటే సబ్‌డివిజన్‌లోని గీతల లిస్ట్. ఈ లైబ్రరీలో కూడా నంబర్లు 0 నుంచి 9 వరకు మనం వేసినట్టే ఉంటాయి. కానీ మనం పట్టుకున్న దారులే రావాలని లేదు, ఒక గ్రాఫ్‌లో చాలా సబ్‌డివిజన్లు ఉండొచ్చు. చివరి లైన్‌లో డిగ్రీలు చూడండి. డిగ్రీ 3 ఉన్నవి సరిగ్గా ఆరు, మిగతావన్నీ డిగ్రీ 2 ఉండాలి. ఆ ఆరింటిని దారుల వెంట నడిచి రెండు జట్లుగా విడగొట్టండి, మనం చేతితో చేసినట్టే. `counterexample=True` తీసేస్తే "కాదు" అన్నప్పుడు సాక్ష్యం రాదు, ఒట్టి మాటే మిగులుతుంది.

ఈ సర్టిఫికెట్ ఏం చెప్పదో కూడా తెలుసుకోవాలి. గీతలు దాటక తప్పదు అని చెబుతుంది కానీ కనీసం ఎన్నిసార్లు దాటాలో చెప్పదు. K3,3ని ఒక్క దాటుతో గీయొచ్చు. మనం ఇందాక పీటర్సన్ గ్రాఫ్‌లో K3,3నే పట్టుకున్నాం, కానీ పీటర్సన్ గ్రాఫ్‌కి ఒక్క దాటు సరిపోదు, కనీసం రెండు కావాలి. సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసేవాళ్లకి ఈ తేడా డబ్బుతో సమానం. ఒక పొర మీద రాగి గీతలు దాటుకుంటే షార్ట్ అవుతుంది, కాబట్టి దాటాల్సిన ప్రతి చోటా రంధ్రం వేసి రెండో పొరకి దింపాలి, లేదంటే పైనుంచి జంపర్ వైరు వేయాలి. ఒక పొరతో పని అవుతుందా లేదా అన్న ప్రశ్నకి కురటోవ్‌స్కీ జవాబిస్తాడు. ఎన్ని రంధ్రాలు పడతాయి అన్నది ఇంకా చాలా కష్టమైన ప్రశ్న, దానికి ఇలాంటి వేగమైన పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

పోయే ముందు మీకో పని. K5 తీసుకోండి, ఐదు చుక్కలు, పది గీతలు. ఆరో చుక్క పెట్టి దాన్ని ఆ ఐదింటిలో ఏవైనా మూడింటికి కలపండి. ఇప్పుడు ఈ బొమ్మలో K5 ఎలాగూ ఉంది. అది కాకుండా K3,3 కూడా దాగి ఉందా? ఉంటే రెండు జట్లూ ఏవి? డిగ్రీలు లెక్కపెట్టి, జట్లు రాసి, తొమ్మిది దారులూ కామెంట్‌లో పెట్టండి. ఉంది అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోను. దారులు చూపించాలి, నేను చెక్ చేసుకుంటాను. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.